సంతకానికి ముందే సారాంశం: గ్రాంటు ఒప్పందంలో నివేదికలు, ఖర్చు పరిమితులు, గడువులు

స్వచ్ఛంద సంస్థకు విదేశీ ఫౌండేషన్ నుంచి గ్రాంటు మంజూరైతే ముందుగా వచ్చేది డబ్బు కాదు, ఒప్పందం. పదిహేను, ఇరవై పేజీల అసలు పత్రం ఉంటుంది. దానికి అనుబంధాలుగా బడ్జెట్, పని ప్రణాళిక, నివేదిక నమూనాలు ఉంటాయి. ఆ కట్టను అకౌంటెంట్ ఒకలా చదువుతారు, డైరెక్టర్ మరోలా చదువుతారు. ఊళ్లలో పని నడిపించే ప్రోగ్రాం ఆఫీసర్ చేతికి మాత్రం చాలా సంస్థల్లో బడ్జెట్ షీటు ఒక్కటే అందుతుంది. ఏ నివేదిక ఎప్పుడు ఇవ్వాలో, ఏ పద్దులో ఎంత వరకు ఖర్చు పెట్టవచ్చో ఆఫీసర్‌కు తెలిసేసరికి ఆరు నెలలు గడిచిపోతాయి.

అందుకే ఒప్పందానికి రెండు మూడు పేజీల సారాంశం రాసుకునే అలవాటు వచ్చింది. దాన్ని ఎలా రాయాలన్నదే ఈ సమీక్షలోని ప్రశ్న. నివేదికలు, ఖర్చు పరిమితులు, గడువులు అనే మూడు భాగాలను వరుసగా చూద్దాం. సారాంశం సంతకం తర్వాత దాచుకునే కాగితం కాదనీ, సంతకానికి ముందే ఒప్పందాన్ని పరీక్షించే పనిముట్టనీ నా అభిప్రాయం. అందుకు కారణాలు ఆ మూడు భాగాల్లోనే కనిపిస్తాయి.

మాట గాలిలో తేలిపోకుండా ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. అనంతపురం జిల్లాలో మెట్ట రైతులతో పనిచేసే ఒక సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉంది. ఒక అమెరికన్ ఫౌండేషన్ దానికి 24 నెలలకు 90 లక్షల రూపాయల గ్రాంటు ఇస్తోంది. కాలపరిమితి 2025 సెప్టెంబరు 1 నుంచి 2027 ఆగస్టు 31 వరకు. డబ్బు మూడు విడతల్లో వస్తుంది: 45 లక్షలు, 35 లక్షలు, 10 లక్షలు. ఈ సంస్థకు వేరే విదేశీ నిధులేవీ లేవని అనుకుందాం.

బాధ్యతలు ఎక్కడెక్కడ ఉంటాయి

అసలు పత్రం చదివి సారాంశం రాస్తే సగం పని మాత్రమే అయినట్టు. బాధ్యతలు నాలుగు చోట్ల ఉంటాయి. ఒకటి అసలు ఒప్పందం, రెండోది అనుబంధాలు. మూడోది, దాత సంస్థ విధానాలకు లోబడి ఉండాలని ఒక్క వాక్యంలో ఒప్పందంలోకి లాక్కొచ్చిన బయటి పత్రాలు. ప్రయాణ ఖర్చుల విధానం, కొనుగోళ్ల విధానం, పిల్లల రక్షణ విధానం వంటివి ఈ కోవలోకి వస్తాయి. నాలుగోది చట్టం. ఒప్పందంలో రాసినా రాయకపోయినా అది వర్తిస్తుంది.

చట్టం ఒకవైపు నుంచే రాదు. మన వైపు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 ఉంది. దాత వైపు అమెరికా ఆంతరంగిక రెవెన్యూ చట్టం ఉంది. అక్కడి ప్రైవేటు ఫౌండేషన్లు విదేశీ సంస్థకు డబ్బు ఇచ్చేటప్పుడు సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పట్టాలి. గ్రహీత సంస్థ తమ దేశపు ప్రజా ధార్మిక సంస్థకు సమానమని నిర్ధారించుకోవడం ఒక దారి. 4945వ సెక్షన్ కింద ప్రతి ఖర్చుకూ తామే బాధ్యత వహించడం రెండోది. రెండో దారిలో ఇచ్చే గ్రాంటుకు రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. ఖర్చు కాని లేదా దుర్వినియోగమైన డబ్బు తిరిగి ఇవ్వడం, ఏటా నివేదిక పంపడం, లెక్కల పుస్తకాలు చూపించడం, చట్టసభలను ప్రభావితం చేసే ప్రచారానికి గానీ ఎన్నికలకు గానీ ఆ డబ్బు వాడకపోవడం అందులో ఉండాలి. ఈ క్లాజులను మార్చమని అడిగితే ఫౌండేషన్ ఒప్పుకోదు, ఎందుకంటే అవి దాని సొంత చట్టం పెట్టిన షరతులు. విడత తేదీ, నివేదిక గడువు, పద్దుల మార్పు పరిమితి వంటివి మాత్రం చాలావరకు ఆ సంస్థ తన సౌలభ్యం కోసం పెట్టుకున్నవి. వాటి మీద మాట్లాడవచ్చు. ప్రతి బాధ్యత పక్కన అది చట్టం నుంచి వచ్చిందా, దాత విధానం నుంచి వచ్చిందా అని ఒక్క మాట రాసి పెడితే, దేని గురించి అడగాలో తేలిపోతుంది.

నివేదికలు: రెండు క్యాలెండర్ల మధ్య

మన ఉదాహరణలో క్లాజు ఇలా ఉందనుకుందాం: ‘ప్రతి ఆరు నెలల కాలం ముగిసిన 30 రోజుల్లో పని నివేదిక, ఆర్థిక నివేదిక పంపాలి. గ్రహీత ఆర్థిక సంవత్సరం ముగిసిన 90 రోజుల్లో ఆడిట్ చేసిన ఖర్చుల పట్టిక ఇవ్వాలి. గ్రాంటు ముగిసిన 60 రోజుల్లో తుది నివేదిక ఇవ్వాలి.’ చాలామంది ఈ వాక్యాలనే తెలుగులోకో తేలిక ఇంగ్లీషులోకో మార్చి సారాంశం అంటారు. అది ఆఫీసర్‌కు అక్కరకు రాదు. వాక్యాన్ని తేదీగా మార్చాలి.

మొదటి ఆరు నెలలు 2026 ఫిబ్రవరి 28తో ముగుస్తాయి కాబట్టి మొదటి నివేదిక మార్చి 30కి చేరాలి. రెండోది సెప్టెంబరు 30కి, మూడోది 2027 మార్చి 30కి, నాలుగోది అదే ఏడాది సెప్టెంబరు 30కి. తుది నివేదిక గడువు 2027 అక్టోబరు 30, అది శనివారం. సెలవు రోజున గడువు పడితే ఏమిటో ఒప్పందం చెప్పకపోతే శుక్రవారమే గడువని రాసుకోవడం క్షేమం. ఆడిట్ పట్టిక 2026 జూన్ 29కి ఇవ్వాలి.

తేదీలు వేశాక కనిపించేది అసలు సమస్య. మన ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, దాత ఆరు నెలల లెక్క ఫిబ్రవరి 28తో ముగుస్తుంది. మొదటి నివేదికలో ఆరు నెలల ఖర్చు ఉంటుంది, ఆడిట్ పట్టికలో ఏడు నెలల ఖర్చు ఉంటుంది. రెండూ ఒకే దాత బల్ల మీదికి మూడు నెలల తేడాతో చేరతాయి. అంకెలు కలవకపోతే ప్రశ్నలు వస్తాయి. మార్చి ఒక్క నెల ఖర్చును పద్దులవారీగా విడిగా చూపే సమన్వయ పట్టిక ఆడిట్‌తో పాటు వెళ్లాలని సారాంశంలోనే ఉంటే ఆ బెడద ఉండదు.

రెండో సమస్య ఆడిట్ గడువు. మన సంస్థల్లో ఆడిట్ చాలాచోట్ల సెప్టెంబరు దాకా సాగుతుంది. ఎఫ్‌సీఆర్‌ఏ కింద ఏటా దాఖలు చేసే ఎఫ్‌సీ-4 రిటర్నుకు ఆర్థిక సంవత్సరం ముగిశాక తొమ్మిది నెలల వ్యవధి ఉంది, అంటే డిసెంబరు 31 వరకు. ఆడిటర్ ఆ లెక్కన పని పెట్టుకుంటారు. జూన్ 29 అన్నది ఆయన క్యాలెండర్‌లో ఉండదు. ‘మీరు జూన్‌లోగా ఈ ఒక్క గ్రాంటు వరకైనా ఆడిట్ ముగించగలరా?’ అని సంతకానికి ముందే అడగాలి. కుదరదంటే గడువును సెప్టెంబరు 30కి మార్చమని ఫౌండేషన్‌కు రాయాలి. సంతకానికి ముందు ఇది ఒక ఈమెయిల్‌తో తేలే పని. సంతకమయ్యాక సవరణ పత్రం కావాలి, ఏడాది గడిచాక గడువు తప్పిన రికార్డు మిగులుతుంది.

నివేదికలో ఏముండాలన్నది కూడా సారాంశంలోకి రావాలి, ఎందుకంటే సమాచారం సేకరించాల్సింది ఆఫీసరే. ఎంతమంది రైతులకు విత్తనాలు అందాయి, వారిలో మహిళలెందరు, కౌలు రైతులెందరు అని అనుబంధంలోని నమూనా అడిగితే, ఆ వివరాలు పంపిణీ రోజున రిజిస్టరులో గడులుగా ఉండాలి. మార్చిలో నివేదిక రాసేటప్పుడు కౌలు రైతులెవరో ఊరూరా తిరిగి అడిగితే నమ్మదగిన లెక్క రాదు. నమూనాలోని ప్రతి అంకెకూ అది ఏ రిజిస్టరు నుంచి వస్తుందో, ఆ రిజిస్టరు ఎవరి దగ్గర ఉంటుందో సారాంశంలో రాయాలి.

ఖర్చు పరిమితులు: మొత్తం మీద సరిపోయినా ఏడాదికి సరిపోదు

పరిమితుల్లో ఎక్కువ గందరగోళం మూడు చోట్ల పుడుతుంది. పరిపాలన ఖర్చులు, వేరే సంస్థలకు డబ్బు ఇవ్వడం, పద్దుల మధ్య మార్పులు.

2020 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన సవరణ పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. మన సంస్థ అద్దె, అకౌంటెంటు జీతం, డైరెక్టర్ జీతంలో వాటా కలిపి నెలకు 55,000 రూపాయలు ఈ గ్రాంటు మీద వేసిందనుకుందాం. 24 నెలలకు 13.2 లక్షలు. 90 లక్షల్లో అది 15 శాతం కూడా లేదు. బడ్జెట్ షీటు చూసిన వారెవరైనా ఇబ్బందేమీ లేదంటారు.

కానీ చట్టంలోని 8వ సెక్షన్ ఒక ఆర్థిక సంవత్సరంలో అందిన విరాళంతో లెక్క కడుతుంది, మొత్తం గ్రాంటుతో కాదు. 2025–26లో 45 లక్షలు అందాయి, పరిమితి 9 లక్షలు, ఏడు నెలల ఖర్చు 3.85 లక్షలు. 2026–27లో 35 లక్షలు, పరిమితి 7 లక్షలు, ఖర్చు 6.6 లక్షలు. ఇంతవరకు బాగానే ఉంది. మూడో విడత 10 లక్షలు మూడో నివేదిక తర్వాత, అంటే 2027 మేలో వస్తుంది. ఆ ఆర్థిక సంవత్సరపు పరిమితి 2 లక్షలు. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు ఐదు నెలల ఖర్చు 2.75 లక్షలు. గత సంవత్సరాల్లో మిగిలిన పరిమితిని కలపకపోతే, పరిమితి 75,000 దాటింది. మించి ఖర్చు పెట్టాలంటే కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి కావాలి. విడతలను 45, 35, 10కి బదులు 45, 30, 15గా మార్చమని అడిగితే సరిపోతుందా? అప్పుడు చివరి ఏడాది పరిమితి 3 లక్షలవుతుంది, కానీ నడి ఏడాది పరిమితి 6 లక్షలకు పడిపోయి 6.6 లక్షల ఖర్చు దాన్ని మించుతుంది. మొదటి విడతలోంచి ఐదు లక్షలు తీసి 40, 35, 15గా అడిగితే మూడు సంవత్సరాలూ పరిమితిలో ఉంటాయి. ఈ లెక్క సంతకానికి ముందు వేస్తేనే ఉపయోగం.

ఏది పరిపాలన ఖర్చో కూడా పేరును బట్టి తేలదు. నియమాలు నిర్వహణ సిబ్బంది జీతాలు, కార్యాలయ అద్దె, ప్రయాణాలు, లెక్కలు రాసే ఖర్చు వంటివాటిని అందులో చేర్చాయి. ఆసుపత్రిలో డాక్టర్, బడిలో టీచర్ వంటి నేరుగా కార్యక్రమం చేసే వారి జీతాలను అందులోంచి మినహాయించాయి. ‘కోఆర్డినేటర్’ అనే ఒక్క పేరు కింద ఊళ్లో రైతులకు శిక్షణ ఇచ్చే మనిషి ఉండవచ్చు, ఆఫీసులో ఫైళ్లు చూసే మనిషీ ఉండవచ్చు. నియామక పత్రంలో పని వివరం ఏముందో దాన్ని బట్టి వర్గీకరించి, అది ఆడిటర్‌కు చూపించి, ఆ నిర్ణయాన్ని సారాంశంలో రాయాలి.

రెండోది డబ్బు బదిలీ. పాత ఒప్పందాల నమూనాల్లో ‘భాగస్వామ్య సంస్థలకు ఉప గ్రాంటులు’ అన్న పద్దు ఇంకా కనిపిస్తుంది. 2020 సవరణ తర్వాత 7వ సెక్షన్ ప్రకారం విదేశీ విరాళాన్ని వేరెవరికీ బదిలీ చేయకూడదు, అవతలి సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. దాత ఆమోదించిన బడ్జెట్‌లో ఉందన్నది ఇక్కడ సమాధానం కాదు. ఆ పద్దును సంస్థే నేరుగా చేసే పనిగా మార్చి రాయించుకోవాలి. బయటివారి దగ్గర కొనే సేవకూ బదిలీకీ మధ్య గీత ఎక్కడుందో అనుమానం ఉంటే సీఏ అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోవాలి. డబ్బు ముందుగా ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోకే రావాలి. అక్కడి నుంచి స్థానిక వినియోగ ఖాతాకు మళ్లించుకోవచ్చు. ఆ డబ్బు మీద వచ్చే వడ్డీ కూడా విదేశీ విరాళంగానే లెక్క.

మూడోది పద్దుల మార్పు. ‘ముందస్తు అనుమతి లేకుండా ఏ పద్దులోనూ 10 శాతానికి మించి మార్పు చేయరాదు’ అన్నది తరచూ కనిపించే వాక్యం. శిక్షణల పద్దు 6 లక్షలు, ప్రయాణాల పద్దు 1.5 లక్షలు అనుకుందాం. శిక్షణల నుంచి ప్రయాణాలకు 50,000 మళ్లిస్తే తగ్గిన పద్దులో అది 8 శాతం చిల్లర, పెరిగిన పద్దులో 33 శాతం. పరిమితి దాటినట్టా, కాదా? వాక్యం చెప్పదు. సారాంశం రాసేవారు తమకు తోచిన అర్థం రాయకూడదు. కఠినమైన అర్థాన్ని తాత్కాలికంగా రాసి, ‘దాతను అడగాలి’ అని గుర్తు పెట్టి, వచ్చిన జవాబును తేదీతో సహా చేర్చాలి.

గడువులు: ఒకటి జారితే వరుసగా అన్నీ జారతాయి

నివేదిక గడువు తనంతట తాను ఒంటరిగా ఉండదు. దాని వెనుక విడత ఉంటుంది, విడత వెనుక పని ఉంటుంది. మన ఒప్పందంలో రెండో విడతకు రెండు షరతులు ఉన్నాయనుకుందాం. మొదటి విడతలో 60 శాతం, అంటే 27 లక్షలు ఖర్చై ఉండాలి. మొదటి నివేదిక దాత ఆమోదం పొందాలి. పరిశీలనకు 30 రోజులు, ఆమోదం తర్వాత చెల్లింపుకు 15 పనిదినాలు.

మార్చి 30న నివేదిక వెళ్తే ఏప్రిల్ 29కి ఆమోదం, మే 20 ప్రాంతంలో చెల్లింపు. బ్యాంకు దాటి వినియోగ ఖాతాకు చేరడానికి మరికొన్ని రోజులు. అనంతపురంలో వేరుశనగ జూన్, జూలైల్లో విత్తుతారు. విత్తనం అంతకుముందే కొని, మొలక శాతం చూసి, ఊళ్లకు చేర్చాలి. అన్నీ గడువు ప్రకారం నడిచినా మిగిలే వెసులుబాటు రెండు మూడు వారాలే. నివేదిక మీద ఫౌండేషన్ ప్రశ్నలు పంపి, జవాబు వచ్చాక 30 రోజులు మళ్లీ మొదలవుతాయంటే అదును దాటిపోతుంది. అప్పుడు కొన్న విత్తనం ఆ ఏడాది రైతుకు పనికిరాదు. కాబట్టి ఆఫీసర్ రాసుకోవాల్సిన తేదీ మార్చి 30 కాదు. విత్తనం కొనాల్సిన రోజు నుంచి వెనక్కి లెక్కించి, ముసాయిదా ఎప్పటికి సిద్ధం కావాలో ఆ తేదీ రాసుకోవాలి. ఫిబ్రవరి ఖర్చులు మార్చి 7కి ముగించి, నివేదికను మార్చి 15కి పంపితే రెండు వారాలు కలిసొస్తాయి.

60 శాతం షరతును కూడా ఇలాగే పరీక్షించాలి. గ్రాంటు సెప్టెంబరు 1న మొదలైనా, సంతకాలు, బ్యాంకు పత్రాలు అయ్యేసరికి డబ్బు అక్టోబరు మధ్యలో వస్తే, 27 లక్షలు ఖర్చు పెట్టడానికి నాలుగున్నర నెలలే ఉంటాయి. మెట్ట వ్యవసాయంలో ఆ నెలల్లో పెద్ద ఖర్చులు ఉండవు. షరతు తీర్చడానికి ఫిబ్రవరిలో తొందరపడి కొన్న వస్తువులే తర్వాత ఆడిట్‌లో నిలదీతకు గురవుతాయి. ఆరు నెలల లెక్క డబ్బు అందిన రోజు నుంచి మొదలవ్వాలని, లేదా ఖర్చు శాతం 40కి తగ్గాలని అడగడం సబబు.

ముగింపు తేదీ దగ్గర మరో మెలిక. ఆగస్టు 25న సరుకు అందింది, బిల్లు సెప్టెంబరు 5న చెల్లించారు. ‘గడువులోగా జరిగిన ఖర్చు’ అని ఒప్పందం అంటే సాధారణంగా చెల్లుతుంది. ‘గడువులోగా చెల్లించిన ఖర్చు’ అంటే చెల్లదు. ఈ తేడా సారాంశంలో ఒక వరుసగా ఉండాలి, ఆఖరి కొనుగోలు ఆర్డరు తేదీ దాని పక్కనే ఉండాలి.

సీఎస్ఆర్ డబ్బుతో పోలిక

దేశంలోని కంపెనీల సామాజిక బాధ్యత నిధులకు ఎఫ్‌సీఆర్‌ఏ వర్తించకపోయినా, వాటికి వేరే గడియారం ఉంది. కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం కొనసాగే ప్రాజెక్టుకు కేటాయించి ఆ సంవత్సరం ఖర్చు కాని మొత్తాన్ని కంపెనీ ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలోకి మార్చి, తర్వాతి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఖర్చు చేయాలి. నిధులు ఆమోదించిన పనికే వాడినట్టు కంపెనీ ఆర్థిక అధికారి ధ్రువీకరించాలి. అందుకే సీఎస్ఆర్ ఒప్పందాల్లో గడువులు మార్చి 31 చుట్టూ ముసురుకుంటాయి, యుటిలైజేషన్ సర్టిఫికెట్ కోసం కంపెనీ మార్చి నుంచే అడుగుతుంది. రెండు రకాల డబ్బూ తీసుకునే సంస్థ రెండు సారాంశాలు రాసి, తేదీలను మాత్రం ఒకే క్యాలెండర్‌లోకి తేవాలి. మార్చి చివరి వారంలో విదేశీ దాత నివేదిక, కంపెనీ సర్టిఫికెట్ ఒకే అకౌంటెంట్ మీద పడడం ఆ క్యాలెండర్‌లోనే బయటపడుతుంది.

ఏ రూపంలో రాయాలి

సంస్థల్లో మూడు పద్ధతులు కనిపిస్తాయి. ఒప్పందం వరుసలోనే క్లాజుకో వాక్యం రాయడం మొదటిది. ఏదీ జారిపోదు కానీ, పని చేసేవారికి ఏ రోజు ఏం చేయాలో దొరకదు. తేదీల పట్టిక రెండోది. వాడుకకు ఇది మేలు, కానీ ఖర్చు పరిమితులకు తేదీ ఉండదు కాబట్టి అవి అందులో ఇమడవు. బడ్జెట్ పద్దుల వారీగా రాయడం మూడోది. బిల్లు మీద సంతకం పెట్టే క్షణంలో అదే అక్కరకొస్తుంది. నా దృష్టిలో మొదటిది సారాంశం తయారీకి ముడిసరుకు. ఆఫీసర్ చేతికి ఇవ్వాల్సినవి రెండోదీ మూడోదీ, చెరొక పేజీ. ప్రతి వరుసకూ నాలుగు అంశాలు ఉండాలి. మన ఉదాహరణలో ఒక వరుస ఇలా ఉంటుంది:

మొదటి ఆర్థిక నివేదిక | గడువు 2026 మార్చి 30, పంపాల్సింది మార్చి 15 | బాధ్యత అకౌంటెంట్, సరిచూసేది ప్రోగ్రాం ఆఫీసర్ | క్లాజు 6.2, అనుబంధం 3

చివర ఉన్న క్లాజు సంఖ్య చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ అది లేని సారాంశాన్ని ఎవరూ సరిచూడలేరు. సారాంశంలో తప్పు దొర్లినా, ఒప్పందానికి సవరణ వచ్చినా, మళ్లీ అసలు వాక్యం దగ్గరికి వెళ్లే దారి అదొక్కటే. అనుబంధం ఒక తేదీ, అసలు పత్రం మరో తేదీ చెబితే ఏది నెగ్గుతుందో చెప్పే క్లాజును కూడా వెతికి రాయాలి. అలాంటి క్లాజు లేకపోతే ముందు వచ్చే తేదీని పాటిస్తూ దాతను అడగాలి.

సారాంశానికి హద్దు కూడా ఉంది. వివాదం వస్తే చెల్లేది ఒప్పందమే తప్ప సారాంశం కాదు. రద్దు, నష్టపరిహారం వంటి క్లాజులను రెండు మాటల్లోకి కుదించడం ప్రమాదం. వాటికి పేజీ సంఖ్య ఇచ్చి ఊరుకోవడమే మంచిది.

ఈ ఉదాహరణలో బయటపడిన చిక్కులను మళ్లీ చూడండి. జూన్ ఆడిట్, మూడో ఏడాది పరిపాలన పరిమితి, ఉప గ్రాంటు పద్దు, పది శాతం వాక్యం, అరవై శాతం షరతు. వీటిలో ఏదీ దాచి పెట్టింది కాదు, అన్నీ పత్రంలోనో చట్టంలోనో ఉన్నాయి. వాక్యాలను తేదీలుగా, పద్దులుగా, రూపాయలుగా మార్చినప్పుడే కనిపించాయి. ముసాయిదా ఒప్పందం చేతికొచ్చాక దాతలు సాధారణంగా వారం, పది రోజుల సమయం ఇస్తారు. అకౌంటెంట్, ప్రోగ్రాం ఆఫీసర్ ఒక పూట కలిసి కూర్చుని ఈ రెండు పేజీలు రాస్తే, ఫౌండేషన్‌కు పంపాల్సిన ఐదు ప్రశ్నలు తయారవుతాయి. డైరెక్టర్ సంతకం ఆ జవాబులు వచ్చాకే పడాలి.